అమ్మకి 62, నాకు 118: ఎవరి షుగర్ గురించి కంగారు పడాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 44. గాజువాకలో ఉంటాం, నాది షిఫ్ట్ డ్యూటీ. కంపెనీ చెకప్‌లో పరగడుపు షుగర్ 118 వచ్చింది. తర్వాత ఇంట్లో మీటర్‌తో చూసుకుంటే ఒకరోజు 104, నైట్ షిఫ్ట్ చేసి వచ్చిన రోజు 131. మా అమ్మకి 70 ఏళ్లు, షుగర్‌కి గ్లిమిపిరైడ్ మాత్ర వేసుకుంటుంది. మొన్న శనివారం రాత్రి పళ్లు మాత్రమే తింది. ఆదివారం పొద్దున్న 62 ఉంది. టెన్షన్‌గా ఉంది. నాకు షుగర్ వచ్చేసినట్టేనా?

జవాబు: ముందు అమ్మగారి సంగతి చూద్దాం. తొందరపడాల్సింది అక్కడే.

పరగడుపున 70 నుంచి 99 వరకు ఉంటే మామూలు. షుగర్ మందులు వాడేవాళ్లలో 70 కంటే తగ్గితే దాన్ని లో షుగర్‌గానే చూడాలి. 54 లోపు వస్తే ప్రమాదం. గ్లిమిపిరైడ్ ఇన్సులిన్‌ని బయటకు తోస్తుంది. మనం అన్నం తిన్నామా, రెండు అరటిపళ్లతో సరిపెట్టామా అన్నది ఆ మాత్రకి పట్టదు. పైగా పెద్ద వయసులో కిడ్నీలు కాస్త నెమ్మదిస్తే మందు ఒంట్లో ఎక్కువసేపు ఉండిపోతుంది. అందుకే రాత్రి ఒక్కపొద్దు, పొద్దున్నే 62.

నిద్రలో షుగర్ పడిపోతే చాలామందికి తెలియదు. తెల్లారేసరికి జాకెట్టు చెమటకి తడిసి ఉండటం, తలనొప్పితో లేవడం, పీడకలలు, మాటల్లో తికమక... ఇవి కనిపించాయేమో అమ్మగారిని అడగండి. మళ్లీ 70 లోపు వస్తే మూడు చెంచాల గ్లూకోజ్ పొడి గానీ పంచదార గానీ నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలు ఆగి మళ్లీ చూడండి. పెరగకపోతే ఇంకోసారి ఇవ్వండి. పెరిగాక ఇడ్లీ లాంటిది పెట్టండి. చాక్లెట్ వద్దు, అందులోని కొవ్వు వల్ల చక్కెర రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి.

ఈ 62 గురించి మాత్ర రాసిన డాక్టర్‌కి ఇవాళే చెప్పండి. డోసు తగ్గించాలో, మందే మార్చాలో ఆయన చూస్తారు. ఈలోపు ఇంకో శనివారం వస్తే అమ్మగారిని రాత్రి మామూలుగానే తిననివ్వండి. నియమం తప్పుతుందని ఆవిడ బాధపడొచ్చు, అయినా నచ్చజెప్పండి.

ఇక మీ సంగతి. 100 నుంచి 125 మధ్య ఉంటే ప్రీడయాబెటిస్ అంటాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ గీతను 110 దగ్గర గీస్తుంది కానీ 118 ఎలా చూసినా దాని లోపలే ఉంది. రాత్రంతా లివర్ రక్తంలోకి చక్కెర వదులుతూ ఉంటుంది. దాన్ని ఆపమని ఇన్సులిన్ చెప్పే మాట లివర్ సరిగా వినకపోతే పరగడుపు అంకె ఇలా పెరుగుతుంది. అమ్మగారికి షుగర్ ఉంది కాబట్టి మీ 118ని తేలిగ్గా తీసుకోను.

126, ఆపైన వస్తే డయాబెటిస్ అంటాం. అయితే లక్షణాలేమీ లేనప్పుడు ఒక్క పరీక్షతో ఆ మాట అనం, రెండోదానిలోనూ తేలాలి. అదీ ల్యాబ్‌లోనే. ఇంటి మీటర్‌లో సుమారు 15 శాతం అటూ ఇటూ రావడం సహజం. అసలు షుగర్ 118 ఉంటే అది 100 చూపించవచ్చు, 136 చూపించవచ్చు. మీ 104, 131 రెండూ అందులోనే ఉన్నాయి. పైగా 131 వచ్చింది నైట్ షిఫ్ట్ తర్వాత. తెల్లవారుజామున ఒక్క టీ తాగినా అది పరగడుపు కాదు. టీ తాగకపోయినా, రాత్రంతా మేలుకుంటే షుగర్ కొంత పెరుగుతుంది.

అందుకే డే షిఫ్టులో ఉండి, రెండు మూడు రాత్రులు సరిగా నిద్రపోయాక పరీక్ష చేయించుకోండి. రాత్రి 9కి భోజనం ముగించి, తర్వాత మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకోకుండా పొద్దున్న 7కి రక్తం ఇవ్వండి. వీలైతే ల్యాబ్‌కే వెళ్లండి. ఇంటికొచ్చి తీసుకునే శాంపిల్ గాజువాక నుంచి జగదాంబ సెంటర్ దాకా ట్రాఫిక్‌లో వెళ్లేసరికి రక్తకణాలు అందులోని చక్కెరను గంటకి 5 నుంచి 7 శాతం తినేస్తాయి. అసలు 126 ఉన్నది రెండు గంటల్లో 111 దగ్గరికి దిగి, మీకు లేని ధైర్యం ఇస్తుంది. షుగర్ కోసం బూడిద రంగు మూత ఉన్న ట్యూబ్ వాడాలి, అయినా మొదటి గంట రెండు గంటల్లో జరిగే నష్టాన్ని అది పెద్దగా ఆపలేదు. తీసేటప్పుడు ఆ రంగు చూడండి.

దాంతోపాటే గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ని చెప్పే హెచ్‌బీఏ1సీ కూడా చేయించండి. అది 6.5, ఆపైన ఉండి పరగడుపుదీ 126, ఆపైన వస్తే డయాబెటిస్ ఖాయం. 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే ప్రీడయాబెటిస్. రక్తహీనత ఉంటే ఈ పరీక్ష తప్పుదారి పట్టిస్తుంది కాబట్టి హిమోగ్లోబిన్ కూడా చూపించుకోండి. రెండూ మధ్యలోనే ఉంటే ఇప్పుడే మాత్రలు అక్కర్లేకపోవచ్చు. నడుము 90 సెంటీమీటర్లు దాటి ఉంటే మాత్రం బరువు తగ్గాలి. 80 కిలోలుంటే ఐదారు కిలోలు తగ్గినా ఈ అంకె కిందికి దిగడం నేను చాలామందిలో చూశాను. ఏడాదికోసారి ఇవే పరీక్షలు చేయించుకోండి.

ఈలోగా విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, కారణం లేకుండా బరువు తగ్గడం కనిపిస్తే డే షిఫ్ట్ కోసం ఆగకుండా వెంటనే డాక్టర్‌ని కలవండి.