చూపు తక్కువగా ఉన్న పాపకు వామనగుంటల పీట

అమలాపురంలో ఉండే మా అన్నయ్య కూతురికి ఏడేళ్లు, చూపు బాగా తక్కువ. పుట్టినరోజుకు ఏమిస్తే ఆడుకోగలదు?

చెక్కతో చేసిన వామనగుంటల పీట ఇవ్వండి. దానిలోని 14 గుంటలు వేళ్లకు స్పష్టంగా తెలుస్తాయి; చింతగింజలను ఒక్కొక్కటిగా వదిలితే, చెక్కపై పడే చప్పుడును బట్టి ఎన్ని పడ్డాయో పాప లెక్కపెట్టుకోగలదు. గుంటల లోపల మెరుపులేని తెల్లరంగు వేయిస్తే ముదురు గోధుమరంగు గింజలు విడిగా కనిపిస్తాయి. వార్నిష్ మాత్రం వద్దు, ఎందుకంటే కొబ్బరితోటల ఊళ్లలో పిల్లలు ఆడుకునే వీధి అరుగు మీద ఎండ పడినప్పుడు ఆ మెరుపు కంటికి కొట్టి, ఉన్న చూపుకు కూడా అడ్డువస్తుంది. పాప మాటిమాటికీ తల పక్కకు తిప్పుతుంటే పీటను నీడలోకి జరిపి చూడండి. మువ్వల బంతి కూడా మంచిదే కాని, ఆగిపోగానే దాని చప్పుడూ ఆగిపోతుంది గనుక వెతుక్కోవడం కష్టం.