పేపర్లో 25 కోట్లు, రికార్డులో ఎంత?

ప్రశ్న: సార్, మాది రాయగడ. ఎలక్ట్రిక్ స్కూటర్ల స్టార్టప్ ఒకటి మా ఊళ్లో డీలర్‌షిప్ ఇస్తానంటోంది. 3 లక్షలు డిపాజిట్ అడుగుతున్నారు. సిరీస్ ఏ అనే పెట్టుబడి విడతలో 25 కోట్లు వచ్చాయని నాలుగు వెబ్‌సైట్లలో పడ్డ వార్త చూపించారు. ప్రభుత్వ సైట్లో చూస్తే పెయిడప్ క్యాపిటల్ 4 లక్షలే ఉంది. ఏది నమ్మాలి?

జవాబు: ముందు ఆ 4 లక్షల సంగతి చెప్తాను, ఎందుకంటే చాలామంది అక్కడే పొరబడతారు. పెయిడప్ క్యాపిటల్ అంటే కంపెనీకి వచ్చిన మొత్తం డబ్బు కాదు. అందులో షేరు ముఖ విలువ ఒక్కటే లెక్కలోకి వస్తుంది. 10 రూపాయల షేరును ఇన్వెస్టర్ 12,500 ఇచ్చి కొన్నా, పెయిడప్‌లో కలిసేది ఆ 10 రూపాయలే. మిగతా 12,490 ప్రీమియం కింద వేరే పద్దులోకి పోతుంది. కాబట్టి 4 లక్షలు చూసి కంపెనీ బోగస్ అనుకోవద్దు.

అసలు లెక్క దొరికేది PAS-3 అనే ఫారంలో. కంపెనీ కొత్త షేర్లు ఇచ్చినప్పుడల్లా కంపెనీల రిజిస్ట్రార్‌కు దాన్ని దాఖలు చేయాలి. mca.gov.in లో లాగిన్ అయి, View Public Documents లోకి వెళ్లి, కంపెనీ పేరో, దాని గుర్తింపు సంఖ్య అయిన CIN నంబరో ఇచ్చి 100 రూపాయలు కడితే ఆ కంపెనీ కాగితాలు తెరుచుకుంటాయి. అవి చూసేందుకు గడువుంటుంది, అందుకే తెరిచిన వెంటనే అన్నీ డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. ఒకవేళ మీ సంస్థ పేరు చివర ఎల్‌ఎల్‌పీ అని ఉంటే, దానికి షేర్లే ఉండవు. సిరీస్ ఏ అన్న మాట అక్కడికక్కడే తేలిపోతుంది.

మీరు పంపిన పేరుతో నేను 100 రూపాయలు కట్టి చూశాను. కంపెనీ ఎవరో తెలియకుండా అంకెలు కొంచెం మార్చి రాస్తున్నాను, లెక్క తీరు మాత్రం అదే. పోయిన ఏడాది ఇచ్చిన షేర్లు 4,000. ఒక్కోటి 12,500. గుణిస్తే 5 కోట్లు. అంతకుముందు 36,000 షేర్లున్నాయి, ఇప్పుడు 40,000 అయ్యాయి. అంటే కొత్తవాళ్ల వాటా పదో వంతు, కంపెనీ మొత్తం విలువ 50 కోట్లు. ముఖ విలువ చొప్పున 40,000 షేర్లకు 4 లక్షలు, మీరు చూసిన అంకె సరిగ్గా అదే.

ఆ షేర్ల పేరు కూడా చూడండి. ఫారంలో వాటిని Seed CCPS అని రాశారు. తర్వాత ఈక్విటీగా తప్పనిసరిగా మారే ప్రిఫరెన్స్ షేర్లవి. సీడ్ అంటే తొలి విడత పెట్టుబడి, సిరీస్ ఏ దాని తర్వాతి విడత. ఈ పేర్లకు చట్టంలో నిర్వచనం లేదు, ఎవరికి నచ్చినట్టు వాళ్లు పిలుచుకోవచ్చు. కానీ ఇన్వెస్టర్లతో కూర్చుని సంతకాలు చేసిన కాగితంలో సీడ్ అని రాసుకుని, బయట సిరీస్ ఏ అని చెప్తే నేను కాగితం వైపే ఉంటాను.

ఎవరు పెట్టారన్నది అదే ఫారానికి జత చేసిన అలాటీల జాబితాలో, అంటే షేర్లు అందుకున్నవాళ్ల జాబితాలో ఉంటుంది. వార్తలో ఓ ఫండ్ ‘నేతృత్వం’ అని రాశారు కదా, జాబితాలో దానికి వెళ్లినవి 800 షేర్లు, అంటే కోటి రూపాయలు. మిగతా 4 కోట్లూ విడి మనుషులవి. ఫండ్లు చాలాసార్లు బ్రాండు పేరుతో కాకుండా ట్రస్టు పేరుతో కనిపిస్తాయి. పేరు కలవలేదని కొట్టిపారేయకుండా సెబీ సైట్లో రిజిస్టరైన ఆల్టర్నేటివ్ ఇన్వెస్ట్‌మెంట్ ఫండ్ల జాబితాలో వెతకండి. అక్కడ రిజిస్ట్రేషన్ నంబరు IN/AIF తో మొదలవుతుంది.

మరి 25 కోట్లు ఎక్కణ్ణుంచి వచ్చాయి? అబద్ధమే అనేయడం తొందరపాటు. విడతలవారీగా ఇస్తామన్న మొత్తాన్ని ఒకేసారి ప్రకటించి ఉండొచ్చు. బ్యాంకు అప్పును కలిపి చెప్పి ఉండొచ్చు. అప్పుకు ఆస్తి తాకట్టు పెట్టి ఉంటే అదే ప్రభుత్వ సైట్లో కంపెనీ మాస్టర్ డేటాలో ఛార్జెస్ కింద కనిపిస్తుంది, ఇక్కడ ఏమీ లేదు. కన్వర్టిబుల్ నోట్లయితే షేర్లుగా మారేదాకా PAS-3లోకి రావు, బ్యాలెన్స్ షీట్లో అప్పుల కిందే ఉంటాయి. అందుకే PAS-3 లేదంటే డబ్బు రాలేదని కాదు, షేర్ల రూపంలో ఇంకా రాలేదని అర్థం.

‘డబ్బు ఆర్నెల్ల కిందే పడింది, ఫైలింగ్ పెండింగ్‌లో ఉంది’ అని కంపెనీ ఏజెంట్ అంటే మాత్రం ఒప్పుకోకండి. ఇలా ఎంచుకున్న కొద్దిమందికే షేర్లమ్మే ప్రైవేట్ ప్లేస్‌మెంట్లో డబ్బు అందిన 60 రోజుల్లో షేర్లివ్వాలి, ఇచ్చిన 15 రోజుల్లో PAS-3 వేయాలి, అది వేసేదాకా ఆ డబ్బు ముట్టకూడదు. డబ్బు అవసరమున్న కంపెనీ ఏదీ ఆ ఫారాన్ని ఊరికే ఆపుకోదు.

నాలుగు సైట్లలో వచ్చిందన్నారు. ఆ నాలుగూ పక్కపక్కన తెరిచి చదివాను. ఫౌండర్ మాటలు అక్షరం పొల్లుపోకుండా ఒకటే, ‘తూర్పు భారతంలో 100 పట్టణాలకు’ అన్న వాక్యం కూడా నాలుగింట్లోనూ ఉంది. కంపెనీ పంపిన ఒకే ప్రకటనను నలుగురూ వేశారు. అంటే మీ దగ్గరున్నది ఒక్క సాక్ష్యమే, అదీ కంపెనీ మాటే. కొన్నేళ్ల కింద నేను కూడా ఇలాగే మూడు వార్తలు చూసి, ఒక సాఫ్ట్‌వేర్ సంస్థకు ఏడాది చందా ముందే కట్టాను. ఐదో నెలలో మూసేశారు. స్టార్టప్‌ల వివరాలిచ్చే క్రంచ్‌బేస్ లాంటి సైట్లలో కంపెనీ వాళ్లే తమ వివరాలు నింపుకునే వీలుంది, అందుకని అక్కడి అంకెను దారి చూపడానికే వాడండి, రుజువుగా కాదు.

PAS-3 కూడా కంపెనీ నింపిందే. తప్పు రాస్తే శిక్ష ఉంది కాబట్టి ప్రకటన కన్నా గట్టిది, కానీ దాన్ని సరిచూసుకునే కాగితం ఇంకోటి ఉంది. కంపెనీ ఏటా దాఖలు చేసే AOC-4 ఫారంతో వచ్చే ఆడిటైన బ్యాలెన్స్ షీట్. అందులో సెక్యూరిటీస్ ప్రీమియం పద్దు ఆ ఏడాది ఎంత పెరిగిందో చూడండి. 4,000 షేర్లకు 12,490 చొప్పున 4,99,60,000 పెరగాలి. ఇక్కడ సరిగ్గా అంతే పెరిగింది. కాబట్టి 5 కోట్లు నిజంగానే వచ్చాయి. కాకపోతే మార్చి 31 నాటి లెక్కలు సాధారణంగా అక్టోబరు చివరికి గానీ సైట్లోకి రావు, ఆ తర్వాతి సంగతి వాటిల్లో ఉండదు.

డీలరుగా మీకు అన్నిటికన్నా అవసరమైన పంక్తి అదే బ్యాలెన్స్ షీట్లో, అప్పుల వివరణల్లో ఉంది: డీలర్ల సెక్యూరిటీ డిపాజిట్లు, 2 కోట్ల 10 లక్షలు. అంతకుముందు ఏడాది 30 లక్షలు. తలా 3 లక్షల చొప్పున అది 70 మంది డబ్బు. వాళ్ల వెబ్‌సైట్లో నాకు కనిపించిన షోరూములు 22. డిపాజిట్ కట్టి షోరూము ఇంకా తెరవనివాళ్లు సగానికి పైగా ఉన్నట్టే. కంపెనీ మునిగితే మీ 3 లక్షలకు ఏ తాకట్టూ ఉండదు. ఇన్వెస్టర్ల 5 కోట్లు కూడా దానికి హామీ కాదు.

కట్టేముందు మూడు అడగండి. PAS-3 కాపీలు వాళ్ల చేతే ఇప్పించుకోండి, మీరు తీసినవాటితో పోల్చండి. ఎన్ని రోజుల్లో డిపాజిట్ తిరిగిస్తారో ఒప్పందంలో తేదీతో రాయించండి. డిపాజిట్ కట్టి షోరూము తెరవని డీలర్ల ఫోన్ నంబర్లు అడగండి. పార్వతీపురం, గుణుపురం వైపు ఎవరైనా ఉంటే ఫోన్ కాదు, నేరుగా వెళ్లి కలవండి.