వంటింటికి ఒక టైల్, బాల్కనీకి ఇంకొకటి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

హాలుకు ఎంచుకున్న మెరుపు టైల్‌నే వంటింటికీ, బాల్కనీకీ వేయిస్తానని రాశావు. హాలు వరకు సరే. తక్కిన రెండు చోట్లా వద్దు తల్లీ. మా ఇంట్లో నేను అదే పని చేశాను. తొలకరి జల్లు పడ్డ రోజు ఆరేసిన బట్టలు తీయబోయి మీ అత్తయ్య బాల్కనీలో జారిపడింది, మణికట్టు విరిగింది.

విట్రిఫైడ్ టైల్ నీరు పీల్చదు కాబట్టి జారదని దుకాణంలో నాకు చెప్పారు, నమ్మాను. ఆ రెండింటికీ సంబంధం లేదు. పీల్చడం లోపలి మట్టిని, కాల్చిన వేడిని బట్టి ఉంటుంది. జారడం పైముఖాన్ని బట్టి ఉంటుంది. నున్నగా పాలిష్ చేసిన ముఖం మీద నీరు పొరలా నిలిచి, పాదాన్ని టైల్‌కు ఆననివ్వదు.

వంటింట్లో నీటికి నూనె తోడవుతుంది. అక్కడ మెరుపు లేని మ్యాట్ విట్రిఫైడ్ తీసుకో. జారుడును కొలిచి టైళ్లకు ఇచ్చే గుర్తుల్లో ఆర్ 10 ఉంటే చాలు. మరీ గరుకుదైతే నూనె జిడ్డు ఆ గుంటల్లో చేరి తుడుపుకు రాదు. సిరామిక్ చవకే, కానీ కుక్కర్ జారిపడితే పైపూత పెచ్చు లేచి లోపలి మట్టి రంగు బయటపడుతుంది. ఆ మట్టి నీటిని కూడా పీలుస్తుంది. మందమంతా ఒకే రంగున్న ఫుల్ బాడీ విట్రిఫైడ్‌లో పెచ్చు లేచినా అంతగా కనిపించదు.

తాండూరు బండ, కడప బండ నాకు ఇష్టమే. అయితే రెండూ సున్నపురాళ్లు. చింతపండు పులుసు, నిమ్మరసం ఒలికి కాసేపు ఉంటే మెరుపు పోయి మచ్చ పడుతుంది. నమూనా ముక్క మీద నిమ్మరసం చుక్క వేసి, అరగంట తర్వాత తుడిచి చూడు, నీకే తెలుస్తుంది. అందుకే వంటింట్లో వద్దంటున్నాను.

బాల్కనీకి మాత్రం పాలిష్ పట్టని తాండూరు బండ బాగుంటుంది. పైపూతే లేదు కాబట్టి అరిగిపోయేదీ లేదు. టైలే కావాలంటే ఆర్ 11 గుర్తున్న గరుకు విట్రిఫైడ్, అడుగు చదరపుది తీసుకో. పెద్ద పలకలతో నీరు పోయే గొట్టం వైపు వాలు కుదరడం కష్టం. నీ బాల్కనీ వెడల్పు నాలుగు అడుగులు కదా, ఆ వెడల్పులో గొట్టం వైపు అర అంగుళం వాలు ఉండాలి. వాలు లేకపోతే ఎంత గరుకు టైలైనా నిలిచిన నీటిలో పాచి పట్టి జారుతుంది. అతికించే ముందే మేస్త్రీ చేత బకెట్ నీళ్లు పోయించి చూడు.

కొనేటప్పుడు చెప్పులు విప్పి, నమూనా మీద సబ్బు నీళ్లు పోసి, ఎవరినైనా పట్టుకుని నిలబడి చూడు. నీ బాల్కనీ పన్నెండు అడుగుల పొడవుకు అడుగు చదరపు టైళ్లు 48 పడతాయి. కోతకు, పగుళ్లకు మరో ఐదు కలిపి, అన్ని పెట్టెల మీదా ఒకే బ్యాచ్ నంబర్ ఉందో లేదో చూసి తీసుకో.

మీ మామయ్య