పిత్తాశయంలో పాలిప్: ఆరా, ఎనిమిదా అన్నది ముందు తేలాలి

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. తిన్న తర్వాత పొట్ట పైభాగంలో బరువుగా, ఒక్కోసారి నొప్పిగా ఉంటుంది. ఎనిమిది నెలలుగా గ్యాస్ మాత్రలు వేసుకుంటున్నాను. మార్చిలో స్కానింగ్ చేస్తే పిత్తాశయంలో 6 మి.మీ. పాలిప్ ఉందన్నారు. జూన్‌లో టిఫిన్ చేసి వెళ్లి వేరే చోట తీయించుకుంటే 8 మి.మీ. అని, గోడ కాస్త మందంగా ఉందని రాశారు. మూడు నెలల్లో ఇంత పెరిగిందంటే క్యాన్సరేనా? తెలిసినవారు ఇచ్చిన కరిగించే మందు వాడుతున్నాను. దానితో తగ్గుతుందా? గుడ్లు, నూనె మానేయాలా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మా, క్యాన్సర్ మాట కాసేపు పక్కన పెట్టండి. మీ ఉత్తరంలో నన్ను ముందుగా ఆపినవి రెండు: టిఫిన్ చేసి తీయించుకున్న స్కానింగ్, ఎనిమిది నెలల గ్యాస్ మాత్రలు.

తిన్న వెంటనే పిత్తాశయం ముడుచుకుని, లోపలున్న పైత్యరసాన్ని పేగులోకి వదిలేస్తుంది. గాలి తీసిన సంచి గోడ మందంగా కనిపించడంలో వింత లేదు. లోపలి పొర మడతలు పడుతుంది, ఆ మడతల్లో ఒకటి పాలిప్‌లా, అంటే గోడకు పుట్టిన చిన్న కండలా కనిపించవచ్చు, ఉన్న పాలిప్ పెద్దదిగానూ కనిపించవచ్చు. అందుకే కనీసం ఆరు నుంచి ఎనిమిది గంటలు ఏమీ తినకుండా రమ్మంటాం. మీ రెండో రిపోర్టులోని గోడ మందాన్నీ, 8 అనే అంకెనూ నేను ఇప్పటికి లెక్కలోకి తీసుకోను. పైగా ఇద్దరు వేర్వేరు డాక్టర్లు, రెండు వేర్వేరు యంత్రాల మీద కొలిస్తే ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా సహజంగానే వస్తుంది. రెండు మిల్లీమీటర్లంటే తెరమీద గీత ఎక్కడ మొదలుపెట్టారు, ఎక్కడ ఆపారు అన్నంత తేడా మాత్రమే.

నిరుడు ఒకాయన నా దగ్గరకు ఐదు రిపోర్టులు తెచ్చారు. నాలుగు నెలల్లో నాలుగు చోట్ల తీయించుకున్నారు. బల్లమీద వరుసగా పరిచారు: 7, 9, 6, 8, 7. పెరుగుతోందా తగ్గుతోందా అన్న దిగులుతో నిద్ర మానేశారు. పరగడుపున రప్పించి, వెల్లకిలా పడుకోబెట్టి చూస్తే పిత్తాశయం గోడకు ఆనుకుని చిన్న మచ్చ కనిపించింది. ఎడమ పక్కకు తిరగమన్నాం. ఆ మచ్చ గోడను వదిలి మెల్లగా కిందికి దొర్లింది. పాలిప్ గోడకు పుట్టినది, మనిషి ఎటు తిరిగినా కదలదు. దొర్లేది రాయి, లేదా చిక్కబడిన పైత్యరసపు ముద్ద. ఆయన కడుపునొప్పికి కారణం కూడా ఆ రాయే. నాలుగు నెలలు పాలిప్ అనుకుని భయపడ్డారు, అసలు నొప్పిని మాత్రం మాత్రలతో నెట్టుకొచ్చారు.

ఈ మాట మీకు ఎందుకు చెబుతున్నానంటే, చిన్న పాలిప్ సాధారణంగా నొప్పి పెట్టదు. మరేదో కారణానికి స్కానింగ్ చేసినప్పుడు అనుకోకుండా కనబడుతుంది. మీకు తిన్నాక నొప్పి వస్తోంది. అది చిన్న రాళ్ల నొప్పి కావచ్చు, జీర్ణాశయంలో పుండు కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. 45 దాటాక కొత్తగా మొదలైన ఇలాంటి ఇబ్బందిని ఎండోస్కోపీ చేయించకుండా ఎనిమిది నెలలు గ్యాస్ మాత్రలతో నడిపించడం సరికాదమ్మా. ఆ మాత్రలు ఆమ్లాన్ని తగ్గిస్తాయి, నొప్పి కాస్త మరుగున పడుతుంది. లోపల పుండు ఉంటే అదీ కనబడకుండా పోతుంది. ఒక్కోసారి పుండులా మొదలైన క్యాన్సర్ కూడా ఈ మాత్రలతో కొన్నాళ్లు శాంతించినట్టు కనిపిస్తుంది. మందుల షాపులో అడిగి వేసుకునే మాత్ర రెండు వారాలకు మించి అవసరమవుతోందంటే, ఆ అవసరం ఎందుకు వస్తోందో చూపించుకోవాలి. బరువు తగ్గడం, మలం నల్లగా రావడం, రక్తం తగ్గడం, వాంతులు వంటివి ఏవైనా ఉంటే ఈ వారమే వెళ్లండి. జ్వరంతో పాటు కళ్లు పచ్చబడినా, నొప్పి గంటల తరబడి వదలకపోయినా ఆసుపత్రికి అదే రోజు వెళ్లాలి. మీకు షుగర్, బీపీ ఉన్నాయో లేదో రాయలేదు. ఉంటే గుండె వైపు కూడా ఒకసారి చూపించుకోండి. పొట్ట పైభాగం నొప్పి అన్ని సందర్భాల్లోనూ పొట్టదే కానక్కర్లేదు.

ఇక మీరు వాడుతున్న కరిగించే మందు. పాలిప్‌ను కరిగించే మందు ఏ వైద్యంలోనూ నిరూపితం కాలేదు. అర్సోడియాల్ అనే మాత్ర ఒకటుంది, అది కొన్ని రకాల చిన్న కొలెస్టరాల్ రాళ్ల మీద, అదీ పిత్తాశయం బాగా పనిచేస్తున్నవారిలో, కొంతవరకు పనిచేస్తుంది. పాలిప్ గోడకు పుట్టిన కండ, రాయి కాదు. మీరు వాడుతున్నదానిలో ఏముందో నాకు తెలియదు, మీకూ తెలియదు. అది ఆపేసి, కాలేయ పరీక్ష చేయించండి. ఆ రిపోర్టు మీ డాక్టరుకు ఎలాగూ కావాలి.

ఇప్పుడు మీరు చేయాల్సింది: రాత్రి భోజనం త్వరగా ముగించి, ఉదయం ఏమీ తినకుండా, అనుభవమున్న ఒక రేడియాలజిస్టు దగ్గర స్కానింగ్ తీయించుకోండి. పాత రిపోర్టులతో పాటు ఫిల్ములు కూడా వెంట తీసుకెళ్లండి. మూడు విషయాలు రాయమని అడగండి. పాలిప్ ఎంత ఉంది, సన్నని కాడ మీద వేలాడుతోందా లేక వెడల్పుగా గోడకు అంటుకుందా, దాని అడుగున గోడ మందం ఎంత. పక్కకు తిప్పి పడుకోబెట్టి చూశారో లేదో కూడా అడగండి. వేలాడే చిన్నవి ఎక్కువగా కొలెస్టరాల్ పాలిప్‌లే. కొవ్వు నిండిన కణాలు పొర కింద గుమిగూడి, ముత్యపు పూసల్లా రెండు మూడు కనిపిస్తాయి. అవి క్యాన్సర్‌గా మారవు. భయపడాల్సింది వెడల్పు పునాదితో గోడకు అంటుకుని, ఒంటరిగా పెరిగేదాని గురించి.

కొలత తేలాక నిర్ణయం ఇలా ఉంటుంది. 10 మి.మీ. లేదా అంతకుమించి ఉంటే, ఆపరేషన్ తట్టుకోగల మనిషికి పిత్తాశయం తీసేయమని సలహా ఇస్తాం. ఆ పరిమాణం నుంచే ముప్పు గణనీయంగా పెరుగుతుంది. 6 నుంచి 9 మధ్య ఉంటే ప్రమాద కారకాలు చూస్తాం: వయసు 60 దాటిందా, పాలిప్ వెడల్పుగా అంటుకుందా, దాని అడుగున గోడ 4 మి.మీ. దాటిందా, పైత్యనాళాలు గట్టిపడే ఒక అరుదైన జబ్బు ఉందా. వీటిలో ఒక్కటి ఉన్నా ఆపరేషన్ వైపే మొగ్గుతాం. ఏదీ లేకపోతే ఆరు నెలలకు, ఏడాదికి, రెండేళ్లకు స్కానింగ్ చేసి, పెరగకపోతే అక్కడితో ఆపేస్తాం. 5 లోపు ఉండి ప్రమాద కారకాలేవీ లేకపోతే మళ్లీ స్కానింగే అక్కర్లేదు. కారకం ఉంటే పైన చెప్పిన మూడుసార్లు చూస్తే చాలు. ఇది 2022లో ఐరోపా వైద్య సంఘాలు ఉమ్మడిగా సవరించిన సూచన. అదే ఏడాది అమెరికా రేడియాలజీ నిపుణులు మరింత సడలింపు ఇచ్చారు. సన్నని కాడతో వేలాడేది 9 మి.మీ. వరకు ఉన్నా వదిలేయవచ్చన్నారు. మీ డాక్టరు వీటిలో దేన్ని అనుసరించినా పొరపాటు పట్టకండి.

ఐరోపా వారి పట్టికలో ఇంకో కారకం ఉంది, ఆసియా సంతతి. 2017 నాటి మొదటి పాఠంలో భారతీయులని ప్రత్యేకంగా రాశారు. దీని ప్రకారం మనందరికీ 6 మి.మీ. దగ్గరే ఆపరేషన్ అవ్వాలి. పిత్తాశయ క్యాన్సర్ మన దేశంలో గంగా తీరంలోనూ, ఈశాన్యంలోనూ ఎక్కువ. దక్షిణాదిలో తక్కువ. కాడతో వేలాడే 7 మి.మీ. పాలిప్‌కు, కేవలం మనం భారతీయులమన్న కారణంతో నేను కత్తి పట్టను. కాని మీ పూర్వీకులు ఉత్తరాది నుంచి వచ్చినా, కుటుంబంలో పిత్తాశయ క్యాన్సర్ ఉన్నా ఆ మాట డాక్టరుకు చెప్పండి, నిర్ణయం మారవచ్చు.

పెరుగుదల విషయం. రెండేళ్లలో 2 మి.మీ. లేదా అంతకంటే ఎక్కువ పెరిగితే ఆ పెరుగుదలను, ఇప్పటి పరిమాణాన్ని, కారకాలను కలిపి చూస్తాం. పెరిగినంత మాత్రాన ఆపరేషన్ అనము. అమెరికా వారు ఒక ఏడాదిలో 4 మి.మీ. పెరిగితేనే పట్టించుకోమన్నారు. ఆ రెండు అంకెలకూ అంత తేడా ఉందంటే కొలతలో వచ్చే పొరపాటు కూడా ఒక కారణం. అందుకే నెలనెలా స్కానింగ్ వద్దంటున్నాను. ఆరు నెలలకంటే ముందు చూస్తే యంత్రం తేడా తెలుస్తుందే తప్ప పాలిప్ తేడా తెలియదు. వీలైనంతవరకు ఒకే చోట, ఒకే డాక్టరు చేత చేయించుకోండి.

ఆపరేషన్ మాట వస్తే, పాలిప్‌ను మాత్రమే తీయడం కుదరదు. సూదితో ముక్క తీసి పరీక్షించడమూ చేయం, పైత్యరసం లోపల కారే ప్రమాదం ఉంది కాబట్టి. పొట్టకు చిన్న రంధ్రాలు చేసి పిత్తాశయాన్ని మొత్తం తీసేస్తారు. చాలామంది ఒకటి రెండు రోజుల్లో ఇంటికి వెళ్తారు. పైత్యనాళానికి గాయమయ్యే ప్రమాదం అరుదే, కానీ ఉంది. 4 మి.మీ. చుక్కకు ఎవరూ తొందరపెట్టకూడదని అనేది అందుకే. తీసిన పిత్తాశయాన్ని తప్పకుండా బయాప్సీకి పంపించమని ముందే చెప్పండి, ఆ రిపోర్టు చేతికి వచ్చాక డాక్టరుకు చూపించి దాచుకోండి. నొప్పికి మరే కారణం దొరక్కపోతే, పాలిప్ చిన్నదైనా పిత్తాశయం తీయడం గురించి మాట్లాడవచ్చు. కాని తీసిన తర్వాత కూడా ఆ నొప్పి ఉండవచ్చు, ముందు ఎండోస్కోపీ అని పట్టుబట్టడానికి అదే కారణం.

మిమ్మల్ని చూడకుండా ఉత్తరం చదివి చెప్పిన మాట ఇది, తుది నిర్ణయం మిమ్మల్ని పరీక్షించిన సర్జనుదే.

గుడ్లు మానక్కర్లేదు, పాలిప్‌కూ వాటికీ సంబంధం లేదు. నూనె ఎక్కువైన వేపుళ్లు తిన్నప్పుడు నొప్పి వస్తే అవి తగ్గించండి, ఏ పూట తిన్నాక వచ్చిందో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. స్కానింగ్‌కు వెళ్లే ఉదయం మాత్రం గుడ్డే కాదు, కాఫీ కూడా వద్దు.

– జనరల్, ల్యాపరోస్కోపిక్ సర్జన్