ప్రసూతి సెలవు జీతానికి భయపడి అమ్మాయి ఉద్యోగం మార్చకండి

ప్రశ్న: మా అమ్మాయి బీకాం చివరి సంవత్సరం. రెండు ఆఫర్లు వచ్చాయి. ఒకటి ఆడిట్ ఆఫీసులో నెలకు 32 వేలు. రెండోది ఆన్‌లైన్ కోర్సులు అమ్మే కంపెనీలో, కమీషన్‌తో కలిపి 50 వేలు. ప్రైవేటులో ప్రసూతి సెలవు జీతం చివరి మూడు నెలల సగటు మీద ఇస్తారట. ఆ నెలల్లో ఒంట్లో బాగోక సెలవులు పెడితే జీతం సగమైపోతుందని మా బంధువులు అంటున్నారు. రెండూ వద్దని గవర్నమెంటు పరీక్షలకు కూర్చోబెట్టమంటారా? రెండు ఆఫర్లలో ఏది మేలు?

జవాబు: అమ్మా, మీ అమ్మాయికి పెళ్లయిందని మీరు రాయలేదు. ఇంకా డిగ్రీ కూడా చేతికి రాలేదు. ఎప్పుడో రాబోయే ఆరు నెలల సెలవు కోసం ఇప్పుడు చేతిలో ఉన్న ఉద్యోగాన్ని వదిలించాలనుకుంటున్నారు. ఇందులో తన అభిప్రాయం ఏమిటో ఒక్క ముక్కైనా రాయలేదు. కఠినంగా అంటున్నానని తెలుసు. కానీ ఇదే భయంతో మంచి ఉద్యోగాలు వదులుకున్న అమ్మాయిలను చూసి అంటున్నాను. పైగా మీ బంధువులు చెప్పిన లెక్కే తప్పు.

చట్టం చెప్పే సగటు ఇది: సెలవు మొదలైన తేదీకి ముందున్న మూడు నెలల్లో ఆమె పనిచేసిన రోజులకు రావాల్సిన వేతనాన్ని, ఆ పనిచేసిన రోజుల సంఖ్యతోనే భాగించాలి. క్యాలెండర్‌లో ఉన్న రోజులతో కాదు. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం ఇదే చెప్పింది. దాని స్థానంలో 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ కూడా ఈ పద్ధతినే ఉంచింది. రాని రోజు పైన కూడికలోనూ ఉండదు, కింద భాగహారంలోనూ ఉండదు. అందుకే జీతం లేని సెలవు పెట్టినా సగటు పడిపోదు.

రోజుకు 1,000 రూపాయల చొప్పున హాజరు లెక్కన జీతం తీసుకునే ఒకామెను తీసుకుందాం. జూలై 1 నుంచి సెలవు. ఏప్రిల్‌లో 25 రోజులు, మేలో 26 రోజులు వెళ్లింది. జూన్‌లో వాంతులు, నీరసంతో 15 రోజులే వెళ్లగలిగింది. మొత్తం 66 రోజులకు 66,000 వచ్చింది. 66తో భాగిస్తే రోజుకు 1,000. సెలవు 26 వారాలు, అంటే 182 రోజులు. రావాల్సింది 1,82,000. జీతాల లెక్క చూసే గుమస్తా అదే 66,000ను ఆ మూడు నెలల 91 రోజులతో భాగిస్తే రోజుకు 725 చిల్లర వస్తుంది, మొత్తం 1,32,000 అవుతుంది. మీ బంధువులు విన్నది ఇలాంటి తప్పుడు లెక్క గురించే అయ్యుంటుంది. చట్టం కోత పెట్టలేదు, కింద వేసిన అంకె 50,000 మింగేసింది.

ఇంకో చోట కూడా జారుతుంది. ఆదివారాలకు మామూలుగా జీతం లేదు కదా అని వారానికి ఆరు రోజులే లెక్కగట్టి 156 రోజులకే ఇస్తారు. వారం అంటే ఆదివారంతో కలిపి ఏడు రోజులని సుప్రీంకోర్టు బి. షా కేసులో 1977లోనే తేల్చింది. కాబట్టి చేతికొచ్చిన కాగితంలో రెండు అంకెలు చూస్తే చాలు: కింద దేనితో భాగించారు, ఎన్ని రోజులతో గుణించారు. నెల జీతగాళ్లకు చాలా కంపెనీలు ఈ భాగహారం జోలికి పోకుండా నెలనెలా జీతం వేసేస్తాయి. అక్కడ ఈ గొడవే రాదు.

ఇప్పుడు ఆ 50 వేల ఆఫర్ గురించి. దీని మీద నాకు నిజంగానే అనుమానాలున్నాయి. ఈ మధ్య డిగ్రీ అవగానే పిల్లలు ఇలాంటి సేల్స్ ఉద్యోగాల వైపు పరుగెడుతున్నారు. ఆఫర్ లెటర్లో ఫిక్స్‌డ్ ఎంతో చూడండి. 20 వేలు ఫిక్స్‌డ్, 30 వేలు కమీషన్ అనుకుందాం. కొత్త కోడ్ ప్రకారం కమీషన్ వేతనం కిందకు రాదు. అయితే ఇలా పక్కన పెట్టే మొత్తాలు ఆదాయంలో సగానికి మించితే, మించినంతా వేతనంలో కలుస్తుంది. ఇక్కడ సగం అంటే 25 వేలు, కమీషన్ 30 వేలు, కాబట్టి 5 వేలు కలిసి వేతనం 25 వేలవుతుంది. అది కూడా కమీషన్ పూర్తిగా వచ్చిన నెలల్లోనే. గర్భిణిగా ఉండి టార్గెట్లు అందుకోలేకపోతే, సగటు తీసే ఆ మూడు నెలల్లోనే కమీషన్ పడిపోతుంది, వేతనం 20 వేల దగ్గరే ఆగిపోవచ్చు. మీ బంధువుల భయానికి కాస్త ఆధారం ఉన్నది ఇక్కడే.

ఆడిట్ ఆఫీసు 32 వేలలో బేసిక్ 24 వేలు, ఇంటి అద్దె భత్యం 8 వేలు అనుకోండి. పాత చట్టంలో ఇంటి అద్దె భత్యం కూడా వేతనమే. కొత్త కోడ్ దాన్ని మినహాయింపుల జాబితాలో పెట్టింది. కాబట్టి ప్రసూతి సెలవులో మొత్తం జీతం ఇస్తారా, కోడ్ ప్రకారం వేతనమే ఇస్తారా అని హెచ్‌ఆర్‌ను రాతపూర్వకంగా అడగమనండి. వేతనమే అన్నా 24 వేలు. అంటే బయటికి 18 వేల తేడాగా కనిపించిన ఈ రెండు ఆఫర్లూ ప్రసూతి సెలవు దగ్గరకొచ్చేసరికి దాదాపు సమానం. ఆడిట్ ఆఫీసు 24 వేలు టార్గెట్ల మీద ఆధారపడవు. పైగా బీకాం చదివిన పిల్లకు అక్కడ చేతికి పని వస్తుంది.

రెండో ఆఫర్‌లో ఇంకో మాట కూడా వెతకండి. లెటర్లో 'ఉద్యోగి' అని ఉందా, 'కన్సల్టెంట్' అని ఉందా? కన్సల్టెంట్‌కు నెలనెలా ఇచ్చేది ఫీజు. నాకు ఉద్యోగులే లేరు, ప్రసూతి జీతం ఎక్కడిది అని కంపెనీ చేతులెత్తేస్తే, తను ఉద్యోగినేనని నిరూపించుకునే బరువు అమ్మాయి మీదే పడుతుంది. ఆ మాట ఉంటే మాత్రం నేను వద్దంటాను.

గవర్నమెంటు ఉద్యోగం సంగతి. కేంద్ర ప్రభుత్వంలో ఈ సగటు బాధ లేదు. 180 రోజులు, సెలవుకు ముందు తీసుకుంటున్న జీతమే ఇస్తారు. అది మేలే, కాదనను. కానీ మీరు కూర్చోబెట్టిన రోజు నుంచి పోస్టు వచ్చేదాకా ఎన్నేళ్లో ఎవరూ చెప్పలేరు. ఆ ఏళ్లలో రాని జీతాన్ని ఏ సగటూ పూడ్చదు. తనకు ఇష్టముంటే ఉద్యోగం చేస్తూ రాయనివ్వండి.

మీరు నిజంగా గుర్తుపెట్టుకోవాల్సిన గడువు ఒకటుంది. ప్రసవం అవుతుందనుకున్న తేదీకి ముందు 12 నెలల్లో ఆ యజమాని దగ్గర కనీసం 80 రోజులు పనిచేసి ఉండాలి. గర్భం నిలిచాక కంపెనీ మారే ఆలోచన వస్తే, ముందు ఈ 80 రోజులు నిండుతాయా అని లెక్కేసుకోమనండి. సెలవులో ఉండగా ఉద్యోగంలోంచి తీసేయడం చట్టవిరుద్ధం. గర్భం నిర్ధారణ కాగితం ఇస్తే ప్రసవానికి ముందు వారాల డబ్బు ముందుగానే ఇవ్వాలి. బిడ్డ పుట్టినట్టు రుజువు ఇచ్చిన 48 గంటల్లో మిగతాది ఇవ్వాలి.

ఆ రెండు ఆఫర్ లెటర్లూ అమ్మాయి చేతికిచ్చి, ఫిక్స్‌డ్ ఎంత, బేసిక్ ఎంత, ఉద్యోగా కన్సల్టెంటా అన్నది తననే చదివి మీకు చెప్పమనండి. నా ఓటు ఆడిట్ ఆఫీసుకే. కానీ చేరేది తను కాబట్టి, సంతకం పెట్టే ముందు ఆఖరి మాట తనదే కానివ్వండి.