టెక్ సందేహాలు: 20 శాతం పెంచితే తగ్గిందేమిటి?

*అనంతపురంలో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో కంప్యూటర్ విభాగం చూస్తుంటాను. పోయినేడాది ఖర్చు మీద 20 శాతం పెంచి, ఈ ఏడాదికి 5,04,000 రూపాయలు కావాలని బడ్జెట్ నోట్ పెట్టాను. ‘పోయినేడాది ఖర్చే 6 లక్షలు’ అని రాసి అకౌంట్స్ సెక్షన్ తిప్పి పంపింది. వాళ్లకు పంపిన షీటే మీకూ పంపుతున్నాను. తప్పెక్కడుంది?*
*– ఒక పాఠకుడు, అనంతపురం*

తప్పు C2 గడిలో ఉంది. మీ మొత్తం 4,20,000. వాళ్ల మొత్తం 6,00,000. తేడా 1,80,000. మీ షీట్‌లో సాఫ్ట్‌వేర్ లైసెన్సుల వరస కూడా సరిగ్గా 1,80,000. తేడా ఇలా ఏదో ఒక వరసకు అచ్చుగుద్దినట్టు సరిపోతే ఇక వేరే చోట వెతకక్కర్లేదు. ఆ గడిలో ఉన్నది అంకెలా కనిపిస్తోంది గానీ ఎక్సెల్ దాన్ని అక్షరాలుగా తీసుకుంది. పీడీఎఫ్ లెడ్జర్ నుంచి కాపీ చేసినప్పుడు కంటికి కనిపించని స్పేస్ ఒకటి వెంట వచ్చింది. SUM అలాంటి గడిని లెక్కలోకి తీసుకోదు, తీసుకోలేదని చెప్పదు కూడా. డబ్బు లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ ఇంత మౌనంగా ఉండటం నాకు ఏనాడూ నచ్చలేదు. ఏటా మార్చి, ఏప్రిల్ వచ్చాయంటే ఇదే ఫిర్యాదు నాకు వస్తూనే ఉంటుంది.

మీ షీట్‌లో ఈ రెండూ వేసి చూడండి:

```
=COUNTA(C2:C6)
=COUNT(C2:C6)
```

మొదటిది నిండిన గడులను లెక్కపెడుతుంది, రెండోది అంకెలున్న గడులను మాత్రమే. మీకు 5, 4 వస్తాయి. ఆ తగ్గిన ఒకటే మీ లక్షా ఎనభై వేలు. పక్క నిలువు వరసలో ఇది వేస్తే అంకె బాగుపడుతుంది:

```
=VALUE(SUBSTITUTE(SUBSTITUTE(C2,CHAR(160),""),",",""))
```

వచ్చే ఏడాది నుంచైనా అకౌంట్స్ వాళ్లను పీడీఎఫ్ కాకుండా ఎక్సెల్ ఎక్స్‌పోర్టే అడగండి.

మొత్తం సరిచేసి దాని మీద 20 శాతం వేసి 7,20,000 అని మళ్లీ పంపేస్తారేమో, ఆగండి. అది కూడా తిరిగొస్తుంది. పోయినేడాది ఖర్చంతా ఈ ఏడాదికి పునాది కాదు. ఆ 6 లక్షల్లో యూపీఎస్ బ్యాటరీలు మార్చిన 1,44,000 ఉంది. అది ఈ ఏడు మళ్లీ రాదు, కాబట్టి తీసేయాలి. మిగిలేది 4,56,000. (లెడ్ యాసిడ్ బ్యాటరీ ఆయుష్షును 25 డిగ్రీల దగ్గర లెక్కగడతారు. దాని మీద సుమారు పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగానికి పడిపోతుంది. మన ఎండలకు ఏసీ లేని గదిలో పెట్టి ‘నాసిరకం బ్యాటరీలు అంటగట్టారు’ అని తిట్టుకుంటే లాభం లేదు.)

లైసెన్సులు దీనికి తిరగబడి ఉన్నాయి. 30 సీట్లు, సీటుకు నెలకు 1,000 రూపాయలు, మొదలైంది అక్టోబర్‌లో. అంటే పోయినేడాది లెక్కలో పడింది ఆరు నెలల ఖర్చే. ఈ ఏడాది మీరు కొత్తగా ఏమీ కొనకపోయినా పన్నెండు నెలలకూ కట్టాలి కాబట్టి ఇంకో 1,80,000 కలుస్తుంది. నోట్‌లో మొట్టమొదట రాయాల్సిన వాక్యం ఇదే. ఎందుకంటే ఇది మీ కోరిక కాదు, కిందటేడు యాజమాన్యమే సంతకం పెట్టిన ఒప్పందం.

ఇక ధర. రెన్యువల్ కొటేషన్ 1,100 అన్నారు. ఆ ధర అక్టోబర్ నుంచే. మీరు పన్నెండు నెలలకూ వేసుకోకండి. 30 సీట్లకు వంద చొప్పున ఆరు నెలలకు 18,000. కొటేషన్‌లో 18 శాతం జీఎస్టీ కలిసుందో లేదో ఒకసారి అడగండి. కాలేజీకి ఆ పన్ను తిరిగి రాదు, అదీ మీ ఖర్చే.

కొత్త ల్యాబ్‌కు అక్టోబర్ నుంచి ఇంకో పది సీట్లు కావాలని రాశారు. మీ లైసెన్సుల జాబితాలో ‘చివరి లాగిన్’ అనే వరస ఉంది, దాన్ని మీరు చూశారా? ఎనిమిది మంది డిసెంబర్ తర్వాత ఒక్కసారి కూడా తెరవలేదు. నెలకు ఎనిమిది వేలు ఊరికే పోతున్నాయి. ఒప్పందం సెప్టెంబర్ దాకా ఉంది కనుక అప్పటిదాకా చేసేదేమీ లేదు. అక్టోబర్‌లో మాత్రం ఆ ఎనిమిదినీ కొత్త ల్యాబ్‌కు మళ్లించండి, కొనాల్సింది రెండే. ఆరు నెలలకు 13,200.

మొత్తం 6,67,200. పోయినేడాది మీద 11.2 శాతం ఎక్కువ. ఇంటర్నెట్, టోనర్, రిపేర్లు పాత అంకెల్లోనే ఉంచాను. అయితే మార్చి బిల్లులు ఏప్రిల్‌లో వచ్చి ఉంటే అవి పాత ఏడాది లెక్కలో పడ్డాయో లేదో అకౌంట్స్‌లో కనుక్కోండి. ఇంటర్నెట్‌కు పన్నెండు బిల్లులు ఉండాలి. పదకొండే ఉంటే మీ పునాది ఒక నెల తక్కువైనట్టు.

ఈ సీట్ల అద్దె సంగతి ఒక్క మాట. ఒకప్పుడు సాఫ్ట్‌వేర్ కొంటే మనదయ్యేది. ఇప్పుడు అద్దె. రెన్యువల్ తేదీ దానంతటదే దాటిపోతుంది, ధర పెరిగిందన్న కబురు ఎవరూ తెరవని మెయిల్‌కు వస్తుంది. వాడని సీటును చూపించడానికి ఏ కన్సోల్‌కూ తొందర లేదు. బడ్జెట్ నోట్ రాసే నెలలోనైనా ఆ జాబితా తెరిచి చూడకపోతే తప్పు మనదే.

ఇంతకంటే నన్ను భయపెట్టింది మీ ఫైల్. కింద షీట్ పేరు మీద రైట్ క్లిక్ చేసి Unhide కొట్టాను. ల్యాబ్ సిబ్బంది ఆరుగురి జీతాలు, బ్యాంకు ఖాతా నంబర్లు బయటపడ్డాయి. మీరు దాన్ని దాచాననుకున్నారు. Hide అనేది తాళం కాదు. Protect Sheet కూడా అంతే. అది పొరపాటున చెరపకుండా ఆపుతుందే తప్ప ఫైల్‌ను ఎన్‌క్రిప్ట్ చేయదు, దాన్ని ఊడబెరకడం ఎవరికైనా సులువే. పోనీ ఆ షీట్‌నే తొలగిస్తే? మీ సారాంశం పివట్ టేబుల్. అసలు డేటా నకలు దాని లోపల దాగి ఉంటుంది. మొత్తం ఉన్న గడి మీద డబుల్ క్లిక్ చేస్తే తొలగించిన వరసలు కొత్త షీట్‌లో తిరిగి లేచి కూర్చుంటాయి. నోట్‌లో అతికించిన చార్ట్ కూడా అలాంటిదే. వర్క్‌బుక్‌తో సహా అతుక్కుంటే వర్డ్ ఫైల్ లోపల షీట్లన్నీ వెళ్లిపోతాయి. చార్ట్‌ను Picture గానే అతికించండి.

పైకి పంపాల్సింది ఒక పేజీ పీడీఎఫ్. ఎక్సెల్ కావాలని వాళ్లు పట్టుబడితే కొత్త వర్క్‌బుక్ తెరిచి, కావాల్సిన ఐదు వరసలే Paste Special, Values గా అతికించి పంపండి. పంపేముందు File, Info, Check for Issues, Inspect Document నడిపిస్తే దాగిన షీట్లు, కామెంట్లు చూపిస్తుంది.

మీరు పంపిన నకలు నేను తుడిచేశాను. అకౌంట్స్‌కు వెళ్లిన మెయిల్‌ను మాత్రం వెనక్కి లాగలేరు. వాళ్లకు ఫోన్ చేసి తుడిచేయమనండి, ఇంకెవరికి పంపారో అడగండి. ఆ ఆరుగురికీ ఈ వారమే చెప్పండి. పేరు, జీతం, ఖాతా నంబర్ సరిగ్గా చెప్పి ‘బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం, కేవైసీ ఆగిపోయింది’ అని ఫోన్ వస్తే ఎంత జాగ్రత్తపరులైనా నమ్ముతారు. ఫోన్ పెట్టేసి బ్రాంచికి వెళ్లి కనుక్కోమనండి.