నలభై రెండు కోట్ల రెవెన్యూ వెనుక అరవై లక్షల నెట్‌వర్త్

ప్రశ్న: పలాసలో జీడిపప్పు వ్యాపారం చేసే ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీకి మా తమ్ముడు అరువు మీద అట్టపెట్టెలు సరఫరా చేయాలనుకుంటున్నాడు. కంపెనీ కాగితాల్లో రెవెన్యూ, లాభం, నెట్‌వర్త్ అని మూడు వేరువేరు అంకెలు కనిపిస్తున్నాయి. వీటిలో కంపెనీ దగ్గర నిజంగా ఉన్న డబ్బు ఏది?

జవాబు:

ఆ మూడింటిలో ఏదీ కాదండీ. చేతిలోనూ బ్యాంకులోనూ ఉన్న డబ్బు బ్యాలెన్స్ షీట్‌లో ఆస్తుల వైపు ‘క్యాష్ అండ్ క్యాష్ ఈక్వివలెంట్స్’ అనే వరుసలో విడిగా ఉంటుంది. రెవెన్యూ అంటే ఏడాది పొడవునా అమ్మిన సరుకు విలువ. లాభం అంటే అందులోంచి సరుకు ఖరీదు, కూలీలు, జీతాలు, వడ్డీ, యంత్రాల తరుగుదల, పన్ను అన్నీ పోగా ఆ ఏడాదికి మిగిలినది. నెట్‌వర్త్ అంటే ఒక తేదీన, మన దగ్గర మార్చి 31న, కంపెనీ ఆస్తులన్నిటిలోంచి అప్పులన్నీ తీసేస్తే వాటాదారులకు మిగిలే భాగం. మొదటి రెండూ ఏడాది లెక్కలు, మూడోది ఒక్కరోజు లెక్క. అరువు ఇచ్చేవాడికి ఆ మూడో లెక్కే ఎక్కువ ముఖ్యమని నేను నష్టపోయిన తర్వాత తెలుసుకున్నాను. అందుకే ఈ జవాబు కొంచెం వివరంగా రాస్తున్నాను.

నేను విజయనగరంలో జీడిపప్పు నింపే రేకు డబ్బాలు తయారుచేసే చిన్న యూనిట్ నడుపుతున్నాను. 2018 నవంబరులో పలాస వైపు కంపెనీ ఒకటి నెల రోజుల అరువు మీద డబ్బాలు అడిగింది. నేను కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో View Public Documents అనే చోట వంద రూపాయల ఫీజు కట్టి, వాళ్లు ఏటా లెక్కలు దాఖలు చేసే AOC-4 ఫారాన్నీ దానికి జతచేసిన లెక్కలనూ తెరిచాను. లాభనష్టాల పట్టికలో మొదటి వరుస ‘రెవెన్యూ ఫ్రమ్ ఆపరేషన్స్’ 42 కోట్ల 10 లక్షలు. చివర్లో పన్ను పోగా లాభం 22 లక్షలు. ఇంత అమ్మకం ఉన్న కంపెనీకి నా మూడున్నర లక్షల బిల్లు ఒక లెక్కా అనుకుని, అంతటితో పేజీ మూసేసి మూడు లోడ్లు పంపాను. ఆ బిల్లులు గడువు దాటి పద్నాలుగు నెలలు నిలిచిపోయాయి. చివరికి అసలులోనే కొంత వదులుకుని రాజీపడవలసి వచ్చింది.

తర్వాత గంటస్తంభం దగ్గర మా ఆడిటర్ గారి ఆఫీసులో కూర్చుని అవే కాగితాలను ఆయనతో కలిసి మళ్లీ చదివాను. ఆయన పెన్సిలు పట్టుకుని నేను వదిలేసిన వరుసల కింద గీతలు గీస్తూ వెళ్లారు. ఆ వరుసలనే మీకూ చూపిస్తాను.

మొదటి గీత రెవెన్యూ కింద ఉన్న ‘అదర్ ఇన్‌కమ్’ అనే వరుస మీద పడింది. అందులో 35 లక్షలు ఉన్నాయి. పక్కన ఉన్న నోట్ నంబరు పట్టుకుని వెనక పేజీలకు వెళ్తే, అందులో పెద్ద భాగం పాత స్థలం ఒకటి అమ్మగా వచ్చిన లాభమని తేలింది. పన్నుకు ముందు లాభం 30 లక్షలు. అందులోంచి ఈ 35 లక్షలు తీసేస్తే, పిక్కలు కొని పప్పు చేసి అమ్మే అసలు వ్యాపారంలో ఆ ఏడాది 5 లక్షల నష్టం వచ్చినట్టు. స్థలం ఒక్కసారే అమ్ముడవుతుంది కాబట్టి ఆ లాభం మరుసటి ఏడాది రాదు. నేను చూసిన 22 లక్షల అంకె తప్పు కాదు. అది ఎక్కడినుంచి వచ్చిందో చూడకపోవడమే నా తప్పు.

ఆ 22 లక్షలనే నిజమైన లాభమనుకున్నా, 42 కోట్ల అమ్మకం మీద అది నూటికి యాభై రెండు పైసలు మాత్రమే. జీడిపప్పు వ్యాపారంలో సరుకు ఖరీదే అమ్మకంలో చాలా భాగం తినేస్తుంది. ఆఫ్రికా నుంచి దిగుమతి చేసుకున్న పిక్కలైనా, మన జిల్లా తోటల పిక్కలైనా, పెద్ద మొత్తంలో కొని నిల్వ పెట్టుకోవలసిందే. అందుకే ఇక్కడ రెవెన్యూ పెద్దదిగా కనిపించడం మామూలు. అది వ్యాపారం ఎంత విస్తారంగా జరుగుతోందో చెబుతుంది గానీ, బాకీ తీర్చే శక్తిని చెప్పదు.

ఇక నెట్‌వర్త్ సంగతి. బ్యాలెన్స్ షీట్‌లో ఆ పేరుతో వరుస ఉండదు. ‘షేర్‌హోల్డర్స్ ఫండ్స్’ అనే శీర్షిక కింద వాటా మూలధనమూ, ‘రిజర్వ్స్ అండ్ సర్‌ప్లస్’ అనే నిల్వలూ ఉంటాయి. ఆ రెంటినీ కలుపుకోవాలి. ఆ కంపెనీకి వాటా మూలధనం ఒక కోటి. నిల్వల వరుసలో మాత్రం 40 లక్షలు బ్రాకెట్లలో ఉన్నాయి. లెక్కల కాగితాల్లో బ్రాకెట్ అంటే మైనస్ గుర్తు. అంటే అంతకుముందు ఏళ్లలో పేరుకున్న నష్టం 62 లక్షలైతే, ఆ ఏడాది లాభం 22 లక్షలు పోగా ఇంకా 40 లక్షల నష్టం మిగిలే ఉంది. కోటిలోంచి అది తీసేస్తే నెట్‌వర్త్ 60 లక్షలు.

ఆడిటర్ గారు అక్కడే ఆగి, ఆస్తుల వైపు ఏముందో నా చేతే చదివించారు. మొత్తం ఆస్తులు 18 కోట్ల 10 లక్షలు. అందులో గోదాములోని పిక్కలూ పప్పూ 11 కోట్లు, కొనుగోలుదారుల నుంచి రావలసినవి 4 కోట్ల 60 లక్షలు, యంత్రాలూ షెడ్లూ 1 కోటి 90 లక్షలు, డబ్బుతో సహా మిగతావన్నీ 60 లక్షలు. ఎదురుగా సరుకు తాకట్టు మీద బ్యాంకు ఇచ్చిన క్యాష్ క్రెడిట్ అప్పు 9 కోట్ల 50 లక్షలు, నాలాంటి సరఫరాదారులకు ఇవ్వవలసింది 6 కోట్ల 20 లక్షలు, డైరెక్టర్లు ఇచ్చిన అప్పు 1 కోటి 80 లక్షలు. ఈ మూడూ కలిపితే పదిహేడున్నర కోట్ల అప్పు. ఆస్తుల్లో యజమానులకంటూ మిగిలేది ఆ 60 లక్షలే.

అప్పుడు ఆయన అడిగిన ప్రశ్న నాకు ఇప్పటికీ గుర్తుంది. “గోదాములో సరుకు ధర నూటికి ఆరు రూపాయలు పడిపోతే ఏమవుతుంది?” అన్నారు. పదకొండు కోట్లలో ఆరు శాతం అంటే 66 లక్షలు. నెట్‌వర్త్ మొత్తం తుడిచిపెట్టుకుపోయి ఇంకో ఆరు లక్షలు లోటు వస్తుంది. పిక్కల ధరలో ఆ మాత్రం ఎత్తుపల్లాలు ఈ వ్యాపారంలో ఉన్న మనకు కొత్త కాదు. ఆ కంపెనీకి సరిగ్గా అదే జరిగింది. ఎక్కువ ధరకు కొన్న పిక్కలు గోదాములో ఉండగానే పప్పు ధర తగ్గింది. బ్యాంకుకు సరుకు తాకట్టులో ఉంది కాబట్టి అమ్మగా వచ్చింది ముందు అక్కడికే వెళ్లింది. తాకట్టు లేని సరఫరాదారులం వరుసలో చివర మిగిలాం.

సరుకు గురించి ఇంకో మాట చెప్పాలి. మార్చి నెలాఖరు నాటికి మన వైపు కొత్త పిక్కలు రావడం మొదలవుతుంది కాబట్టి, జీడిపప్పు కంపెనీల లెక్కల్లో ఆ రోజు నిల్వ ఎక్కువగా కనిపిస్తుంది. నిల్వ విలువను ఎంత ఎక్కువగా రాస్తే ఆ ఏడాది లాభం అంత పెరుగుతుంది, లాభంతో పాటు నెట్‌వర్త్ కూడా పెరుగుతుంది. కొన్న ధర, అమ్మితే వచ్చే ధర, ఈ రెంటిలో ఏది తక్కువైతే దానికే విలువ కట్టాలన్నది లెక్కల నియమం. ఆ నియమం పాటించారా అన్న విషయంలో అనుమానం ఉంటే ఆడిటర్ తన నివేదికలో అభ్యంతరం రాస్తారు. కాబట్టి అంకెలకంటే ముందు ఆ నివేదికలో ‘క్వాలిఫైడ్ ఒపీనియన్’ అనే మాట ఉందేమో వెతకండి. నేను ఇప్పుడు ఏ కంపెనీ కాగితాలు తెరిచినా మొదట చేసే పని అదే.

కంపెనీ ఏటా దాఖలు చేసే MGT-7 ఫారంలో, చిన్న కంపెనీ అయితే MGT-7A ఫారంలో, టర్నోవరూ నెట్‌వర్తూ పక్కపక్కనే ఉంటాయి. త్వరగా చూడాలంటే అది సులువు. అయితే అక్కడి నెట్‌వర్త్ 2013 కంపెనీల చట్టం, సెక్షన్ 2(57) చెప్పిన నిర్వచనం ప్రకారం ఉండాలి. దాని ప్రకారం, పాత భూమికి నేటి ధర కట్టి పెంచుకున్న నిల్వను నెట్‌వర్త్‌లో కలపకూడదు. బ్యాలెన్స్ షీట్‌లోని షేర్‌హోల్డర్స్ ఫండ్స్ మొత్తంలో మాత్రం ‘రివాల్యుయేషన్ రిజర్వ్’ పేరుతో అది కలిసి ఉండవచ్చు. రెండు చోట్లా అంకెలు వేరుగా కనిపిస్తే ముందు ఈ కారణమేమో చూడండి. అలాగే అదే శాఖ వెబ్‌సైట్‌లో ఉచితంగా కనిపించే మాస్టర్ డేటా పేజీలో ‘ఆథరైజ్డ్ క్యాపిటల్’ అని ఒక అంకె ఉంటుంది. అది ఎంతవరకు వాటాలు జారీ చేయవచ్చో చెప్పే పరిమితి మాత్రమే. దాన్ని నెట్‌వర్త్ అనుకుని అరువిచ్చినవాళ్లు నాకు తెలిసినవారిలోనే ఇద్దరున్నారు.

డైరెక్టర్ల అప్పు విషయంలో కొంత వివేచన అవసరం. మన వైపు కుటుంబ కంపెనీల్లో ఇంటి డబ్బును వాటాలుగా కాకుండా అప్పుగా పెట్టడం మామూలే. చట్టం దృష్టిలో అది నెట్‌వర్త్ కాదు. కానీ బ్యాంకు బాకీ తీరేవరకు దాన్ని వెనక్కి తీసుకోబోమని డైరెక్టర్లు బ్యాంకుకు రాసి ఇచ్చి ఉంటే, మీ తమ్ముడికి అది కొంత అండ. అలాంటి ఒప్పందం లేకపోతే, ఇబ్బంది వచ్చిన రోజున ఆ డబ్బే ముందు బయటికి పోయే ప్రమాదం ఉంది. గత ఏడాది కాలమ్‌తో పోల్చి ఆ వరుస తగ్గుతూ వస్తోందేమో చూడండి.

ఈ అంకెలన్నీ పాతవని కూడా గుర్తుంచుకోవాలి. మార్చి 31 నాటి లెక్కలకు సెప్టెంబరు 30లోగా వార్షిక సమావేశం జరిపి, ఆ తర్వాత 30 రోజుల్లో AOC-4 దాఖలు చేయడానికి కంపెనీకి గడువు ఉంది. నవంబరులో మీరు చూసేది ఏడు నెలల కిందటి నెట్‌వర్త్ అన్నమాట. పట్టిక పైన అంకెలు లక్షల్లో ఉన్నాయా వేలల్లో ఉన్నాయా అన్నది కూడా చదివి తీరాలి.

నా సమయంలో లేని సదుపాయం ఒకటి మీ తమ్ముడికి ఉంది. 2021 ఏప్రిల్ నుంచి, సరఫరాదారులకు ఇవ్వవలసిన బాకీలను ఏడాదిలోపువి, ఒకటి నుంచి రెండేళ్లవి, రెండు నుంచి మూడేళ్లవి, అంతకుమించినవి అని విడగొట్టి, చిన్న పరిశ్రమలకు ఇవ్వవలసినవి వేరుగా, నోట్స్‌లో చూపించడం తప్పనిసరైంది. ‘ట్రేడ్ పేయబుల్స్’ నోట్ తెరిచి ఆ పట్టిక చూడమనండి. ఏడాది దాటిన గడుల్లో పెద్ద మొత్తాలు ఉండి, నెట్‌వర్త్ గోదాము సరుకు విలువలో పదో వంతు కూడా లేకపోతే, మొదటి లోడు నగదుకే ఇవ్వమని నేను చెబుతాను.